ముందే తీర్చే పర్సనల్ లోన్‌పై రుసుము మాఫీ కోరడం

మా శాఖలో ఒక సహోద్యోగి బావమరిది, తల్లి ఆపరేషన్ కోసం ఒక ప్రైవేటు సంస్థలో 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాడు. 14 శాతం స్థిర వడ్డీ, 48 నెలలు, వాయిదా సుమారు రూ.13,663. ఇరవై నాలుగు వాయిదాలు కట్టాక ఊళ్లో స్థలం అమ్మిన డబ్బు చేతికొచ్చింది. మిగిలిన అసలు సుమారు రూ.2,84,600. దాన్ని ఒకేసారి కట్టేస్తానంటే 4 శాతం ముందస్తు చెల్లింపు రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం సుమారు రూ.13,400 అదనంగా కట్టాలన్నారు.

ఉత్తరం రాసే ముందు ఒప్పంద పత్రంలో రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది వడ్డీ స్థిరమా, ఫ్లోటింగా అన్నది. వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రుణాలపై బ్యాంకులు ఈ రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. అలాంటప్పుడు మాఫీ అడగడం కాదు, నియమం గుర్తుచేస్తే చాలు. రెండోది, ఈ రుసుము కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఉందా అన్నది. మన వాడిది స్థిర వడ్డీ, రుసుము కూడా అందులో స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి అది వారి హక్కు, మనది విన్నపం. ఉత్తరంలో తగవు స్వరం వినిపించకూడదు.

అతను మొదట రాసిన ఉత్తరంలో "మీ వడ్డీ ఎక్కువ, వేరే బ్యాంకులో తక్కువకే ఇస్తున్నారు" అని ఉంది. ఆ మాట తీసేయమన్నాం. ఖాతా పోటీ సంస్థకు తరలిపోతోందనుకుంటే వాళ్లు రుసుము వదులుకోవడానికి ఎందుకు ఇష్టపడతారు? పైగా అది నిజం కూడా కాదు, కట్టబోయేది సొంత సొమ్మే. చివరకు ఇలా రాశాడు:

"అయ్యా, నా రుణ ఖాతా నం. ____. మంజూరైన మొత్తం రూ.5,00,000, స్థిర వడ్డీ 14 శాతం, గడువు 48 నెలలు. ఇప్పటివరకు 24 వాయిదాలూ గడువులోగానే చెల్లించాను. తల్లి శస్త్రచికిత్స నిమిత్తం తీసుకున్న ఈ రుణాన్ని, స్థలం అమ్మగా వచ్చిన సొంత సొమ్ముతో ముగించదలిచాను, మరో సంస్థలో అప్పు తీసుకోవడం లేదు. విక్రయ పత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు నకళ్లు జతచేశాను. 4 శాతం ముందస్తు రుసుము పూర్తిగా మాఫీ చేయగోరుతున్నాను. అది వీలుకాకపోతే 2 శాతానికి తగ్గించగలరు. ఈ నిర్ణయం మీ పరిధిలో లేకుంటే పై అధికారికి పంపి, లిఖితపూర్వకంగా జవాబివ్వగలరు."

రెండో కోరిక ఊరికే పెట్టింది కాదు. సగం తగ్గినా రూ.6,700 మిగులుతుంది, పూర్తిగా కాదనలేని అధికారికి ఒక దారీ దొరుకుతుంది. అసలు ఏమీ తగ్గించకపోయినా అతనికి నష్టం లేదు. మిగతా 24 నెలల వడ్డీ సుమారు రూ.43,300, రుసుము పోను దాదాపు రూ.29,900 ఆదా.

డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. కట్టేశాక వాపసు అడిగితే వినేవారు తక్కువ. "సరే, చూస్తాంలెండి" అన్న నోటిమాట మీద చెక్కు ఇవ్వకండి. రుసుము తగ్గించి రాసిన కొత్త ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంటు చేతికొచ్చాక, దానిమీద వేసిన తేదీ దాటకుండా కట్టాలి. ఆ తేదీ దాటితే రోజువారీ వడ్డీ కలిసి లెక్క మారిపోతుంది.