బిల్లు అడుగున ఏముందో చూశావా చెల్లే?

చెల్లే, ఇప్పుడు జనగామలోనూ మానుకోటలోనూ భూపాలపల్లిలోనూ పుట్టినరోజుకైనా పెళ్లిరోజుకైనా ఇంటిల్లిపాదీ బయట తినడం మామూలైపోయింది. బిర్యానీ ఎట్లుందో, చికెన్‌లో ఉప్పెక్కువైందో మనం గంటసేపు ముచ్చట పెట్టుకుంటాం. బిల్లు వచ్చేసరికి మాత్రం అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూసి ఫోన్ తీస్తాం. ఆ మొత్తానికి పైనున్న నాలుగు గీతల గురించే ఈరోజు నీతో మాట్లాడాలి.

ముందు ఒక అనుమానం తీర్చేస్తాను. బిల్లులో సీజీఎస్టీ రెండున్నర శాతం, ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం అని పక్కపక్కనే ఉంటే, ఒకే అన్నానికి రెండు పన్నులా అని చాలామంది అడుగుతారు. అది ఒక్కటే పన్ను. సగం కేంద్రానికి, సగం మన రాష్ట్రానికి పోతుంది కాబట్టి రెండుగా రాస్తారు. రెండూ కలిపి 5 శాతం. ఏసీ హాలులో కూర్చున్నా, ఫ్యాన్ కింద తిన్నా, పార్సిల్ కట్టించుకున్నా అదే 5. ఏసీకి 18 శాతం అని ఎవరైనా అంటే అది పాత ముచ్చట. 2017 జులైలో జీఎస్టీ వచ్చిన కొత్తలో అట్లా ఉండేది, అదే ఏడాది నవంబరు 15 నుంచి మారిపోయింది. ఇప్పుడు 18 శాతం రోజుకు 7,500 రూపాయలు దాటిన గదులుండే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లకే. మామూలు ఫ్యామిలీ రెస్టారెంట్ బిల్లులో 18 కనిపిస్తే అక్కడే ఆగి అడుగు.

ఇక అసలు సంగతికొస్తాను. మనలాంటి ఊళ్లలో ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఆ 5 శాతాన్ని మన దగ్గర వసూలు చేసే హక్కు ప్రతి హోటలుకూ ఉండదు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న హోటలు జీఎస్టీలో నమోదు కానక్కర్లేదు. అంటే రోజుకు సుమారు 5,500 రూపాయల గల్లా. మన టిఫిన్ బండ్లు, చిన్న మెస్సులు చాలావరకు ఈ లెక్కలోకి వస్తాయి. నమోదు లేనివాళ్లు పన్ను అని ఒక్క రూపాయి కూడా వేయకూడదు.

అంతకంటే పెద్దవాళ్లకు, ఏడాదికి కోటిన్నర వరకు, కాంపోజిషన్ అని ఒక వెసులుబాటు ఉంది. ఓనరు తన మొత్తం అమ్మకాల మీద 5 శాతం తానే, తన గల్లాలోంచి ప్రభుత్వానికి కడతాడు. నెలనెలా పెద్ద లెక్కలు చూపించే బాధ అతనికి తప్పుతుంది. దానికి బదులుగా చట్టం పెట్టిన షరతు ఏమిటంటే, ఆ పన్నును గిరాకీ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. అతను ఇచ్చే కాగితం మీద 'బిల్ ఆఫ్ సప్లై' అని ఉండాలి, పైన తాను కాంపోజిషన్ కింద ఉన్నానని, పన్ను వసూలు చేసే అర్హత లేదని రాయాలి, హోటల్లో కనిపించేచోట బోర్డూ పెట్టాలి. అటువంటి హోటలువాడు బిల్లులో మళ్లీ 5 శాతం కలిపితే? ఆ పన్ను ఖర్చును అతను ధరలోనే చూసుకుని ఉంటాడు కదా. నువ్వు ధరలో ఒకసారి, కింద గీతలో ఇంకోసారి కట్టినట్టే.

అతను ఏ రకమో తెలుసుకునేదెట్లా అంటావా? బిల్లు మీద 15 అంకెలు, అక్షరాలు కలిసిన జీఎస్టీ నంబరు ఉంటుంది. తెలంగాణ నంబరైతే 36తో మొదలవుతుంది. gst.gov.in తెరిచి, Search Taxpayer కింద ఆ నంబరు కొట్టు. హోటలు పేరు, నమోదు ఇప్పటికీ నడుస్తోందా రద్దయిందా, రెగ్యులరా కాంపోజిషనా అన్నీ కనిపిస్తాయి. బల్ల మీద సోంపు వచ్చేలోపు అయ్యే పని. కాంపోజిషన్ అని చూపిస్తూ బిల్లులో పన్ను గీత ఉంటే అది తప్పు. నమోదు రద్దయినట్టు చూపించినా తప్పే. అసలు నంబరే లేకుండా తెల్లచిట్టీ మీద 'జీఎస్టీ' అని పెన్నుతో రాసిస్తే, ఆ పైసలు ప్రభుత్వానికి చేరతాయనే భరోసా లేదు.

రెండో గీత సర్వీస్ ఛార్జీ. ఇది మన ఊళ్లలో కంటే హైదరాబాద్ పోయినప్పుడే ఎక్కువ ఎదురవుతుంది. ప్రభుత్వం పన్ను అనుకుని చాలామంది నోరెత్తకుండా కడతారు. ఇందులో ప్రభుత్వానికి పోయేదేమీ లేదు, అది హోటలు తనకు తాను వేసుకునేది. దీన్ని బిల్లులో దానంతటది కలపకూడదని, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదని, కట్టనివాళ్లను లోపలికి రానివ్వమని అనకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే మొదట స్టే వచ్చింది. 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పు ఇచ్చి, ఆ సంఘాలకు తలా లక్ష రూపాయల ఖర్చులు కూడా వేశారు. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. ఎంత నచ్చిందన్నది తిన్నవాళ్లు చెప్పాలి గానీ హోటలు ముందే నిర్ణయించకూడదు, నాకైతే ఆ తీర్పు న్యాయంగా ఉంది.

లెక్క వేసి చూద్దాం. ఐదుగురు తిన్నారు, తిండి ఖర్చు 1,200 అనుకో. 5 శాతం పన్ను 60 కలిపితే 1,260. అదే 10 శాతం సర్వీస్ ఛార్జీ వేస్తే 120 పెరిగి 1,320 అవుతుంది. దాని మీద పన్ను వేస్తే 66. మొత్తం 1,386. ఛార్జీ ఒక్కటే కాదు, ఆ ఛార్జీ మీద పన్ను 6 రూపాయలు కూడా నీ నెత్తిన పడింది. తేడా 126 రూపాయలు. ఇంత కట్టాక కూడా, పాపం పిల్లగాడు బాగా వడ్డించాడని 50 రూపాయలు పళ్లెంలో పెట్టి వస్తాం. ఒకే వడ్డనకు రెండుసార్లు ఇచ్చామన్నమాట.

అందుకని బిల్లు రాగానే, పైసలు కట్టకముందే అడుగు. "అన్నా, ఈ సర్వీస్ ఛార్జీ తీసేసి బిల్లు మళ్లా కొట్టియ్యి" అంటే చాలు. సాఫ్ట్‌వేర్‌లో అది నిమిషం పని. కోపం అక్కర్లేదు, అడిగేది కౌంటర్ దగ్గర అడుగు, వడ్డించిన పిల్లగాడిని అడిగి లాభం లేదు.

బక్షీస్ సంగతి వేరు, చెల్లే. అది నీ ఇష్టం, నీ చేత్తో ఇచ్చేది, దానికి పన్నూ లేదు, శాతమూ లేదు. టోకెన్ తీసుకుని నిలబడి తినే టిఫిన్ సెంటర్‌లో ఎవరూ ఎదురుచూడరు. కూర్చోబెట్టి, ముసలివాళ్లకు వేడినీళ్లు తెచ్చి, పిల్లలు ఒలికించింది తుడిచినవాళ్లకు ఇరవయ్యో యాభయ్యో తప్పకుండా ఇవ్వు. కానీ కౌంటర్ మీది క్యూఆర్ కోడ్‌కు బిల్లుతో కలిపి పంపకు. అది పోయేది ఓనరు ఖాతాకు, అందులోంచి పిల్లగాడి దాకా వస్తుందో రాదో మనకు తెలియదు. నోటు చేతిలోనే పెట్టు.

అడిగినా తీయకపోతే గొడవ పడకుండా కట్టెయ్యి, బిల్లు ఫొటో తీసుకో, కట్టిన రసీదు దాచుకో. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. సర్వీస్ ఛార్జీ మీద జిల్లా కలెక్టర్‌కు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. 2016 అక్టోబరు నుంచి జనగామకు, మహబూబాబాద్‌కు, భూపాలపల్లికి ఎవరి కలెక్టరేట్ వాళ్లకుంది, వరంగల్ దాకా పోనక్కర్లేదు. ఈసారి బయట తిన్నప్పుడు బిల్లు అక్కడే వదిలేసి రాకు, అడుగున ఉన్న గీతలు చదివాకే ఫోన్ తియ్యి.