డెమోలు పూర్తయ్యాయి, అమ్మకాలు ఎందుకు పెరగలేదు?

ప్రశ్న: మాది మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. గుంటూరు బ్రాంచిలో నా కింద ఐదుగురు కుర్రాళ్ళు ఫీల్డులో తిరుగుతారు. హెడ్డాఫీసు ఓకేఆర్ పద్ధతి పెట్టమంటే పోయిన క్వార్టరుకు ఇలా రాసుకున్నాం. లక్ష్యం: గుంటూరులో అమ్మకాలు పెంచడం. కీలక ఫలితాలు: ఒక్కొక్కరు నెలకు 20 డెమోలు ఇవ్వాలి, రోజుకు 10 ఫోన్లు చేయాలి, లీడ్ వివరాలు అదే సాయంత్రం యాప్‌లో ఎక్కించాలి. మూడూ నూటికి నూరు శాతం పూర్తయ్యాయి. డబ్బు కట్టిన షాపులు మాత్రం 18. అందులో సగం ఆరు వారాలు తిరక్కుండానే పాత పద్ధతికి వెళ్ళిపోయాయి. తప్పు ఎక్కడ జరిగింది?
- బ్రాంచి మేనేజర్, గుంటూరు

జవాబు: మీ కుర్రాళ్ళు మీరు అడిగింది అడిగినట్టు చేశారు. మీరు రాసిన మూడింటినీ ఒకసారి మళ్ళీ చదవండి. ఒక్క షాపు యజమాని కూడా తన అలవాటు మార్చుకోకపోయినా ఆ మూడూ పూర్తవుతాయి. సేల్స్‌లో కీలక ఫలితాన్ని పరీక్షించే తీరు ఇదే. వాక్యంలో కర్త ఎవరో చూడండి. డెమో ఇచ్చేది మనం, ఫోన్ చేసేది మనం, యాప్‌లో ఎక్కించేది మనం. ఇవన్నీ పనులు. కొనేవాడు ఏదైనా చేస్తేనే అది ఫలితం.

డెమో లెక్కనే టార్గెట్‌గా పెడితే ఏం జరుగుతుందో మీ 300 డెమోల జాబితాలో వెతకండి. ఎన్ని డెమోలు యజమాని ఎదురుగా జరిగాయి, ఎన్ని కౌంటర్లో కుర్రాడి ఎదురుగా జరిగాయి? మధ్యాహ్నం మూడింటికి బేరాలు ఉండవు కాబట్టి షాపులో తీరిక దొరుకుతుంది, కానీ ఆ వేళకు యజమాని భోజనానికి ఇంటికి వెళ్ళి ఉంటాడు. నెలాఖరుకు అంకె నిండాలంటే ఎవరు దొరికితే వాళ్ళకు చూపించడమే మార్గమవుతుంది.

ఇక షాపతను వెనకాడేది డెమో నచ్చక కాదు. ర్యాకుల్లో ఉన్న వేల రకాల మందుల్ని బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీలతో సహా కొత్త సాఫ్ట్‌వేర్లోకి ఎవరు ఎక్కిస్తారన్నదే అతని బెంగ. ఆ గట్టు దాటిన షాపు మీ దగ్గరే ఉంటుంది. దాటకుండా డబ్బు మాత్రం కట్టిన షాపు ఆరు వారాల్లో వెనక్కి పోతుంది. కాబట్టి మీరు కొలవాల్సిన మజిలీ అక్కడ ఉంది: ట్రయల్లో తన స్టాకు ఎక్కించుకుని, వారం రోజులు తన బిల్లులు తానే కొట్టిన షాపు.

మీ అమ్మకాలను బట్టి ఇలాంటి షాపులు పోయిన క్వార్టర్లో 30 ఉన్నాయనుకుందాం. అంటే పది డెమోలకు ఒకటి. అసలు అంకె మీ ట్రయల్ లాగిన్లలో దొరుకుతుంది. దొరక్కపోతే ముందు రెండు వారాలు లెక్కపెట్టండి. ఇప్పుడెక్కడున్నామో తెలియకుండా ఎక్కడికి వెళ్ళాలో రాయలేం. ఇక కొత్త క్వార్టరుకు నేనైతే ఇలా రాస్తాను.

లక్ష్యం: గుంటూరులో మందుల షాపు యజమాని తన రోజువారీ బిల్లింగు మొత్తం మన సాఫ్ట్‌వేర్ మీదే నడుపుకోవాలి.
ఒకటి: డబ్బు కట్టిన కొత్త షాపులు 18 నుంచి 36కు చేరాలి.
రెండు: వారం రోజులు సొంత బిల్లులు కొట్టిన ట్రయల్ షాపులు 30 నుంచి 60కి చేరాలి.
మూడు: డబ్బు కట్టిన షాపుల్లో ఆరో వారంలోనూ బిల్లులు కొడుతున్నవి సగం నుంచి పదింట ఎనిమిదికి పెరగాలి.

ఈ అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో చూసుకోవాలి. డెమోలు 240కి తగ్గించుకుని, నాలుగింట ఒకటి ట్రయల్ దాకా వెళితే 60 షాపులు. అందులో నూటికి 60 కొంటే 36. తగ్గించిన ఆ 60 డెమోల సమయంలో మీ వాళ్ళు షాపులో కూర్చుని స్టాకు ఎక్కించిపెట్టగలరు. మూడోదాంట్లో ఒక చిక్కుంది. క్వార్టరు చివరి నెలలో కొన్న షాపుకు ఆరు వారాలు నిండవు. అందుకని పోయిన క్వార్టరు రెండో సగంలోనూ, ఈ క్వార్టరు మొదటి సగంలోనూ కొన్నవాళ్ళనే అందులో లెక్కించండి. ఈ మూడోది రాయడం మానకండి. మొదటిది ఒక్కటే ఉంటే ఆఖరి వారంలో డిస్కౌంట్లిచ్చి, కాళ్ళావేళ్ళా పడి 36 నింపేస్తారు.

ప్రశ్న: మేం ఆసుపత్రులకు స్కానింగ్ యంత్రాలు అమ్ముతాం. ఆర్డరు చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. మూడు నెలల ఓకేఆర్లో ఫలితం రాయమంటే ఏం రాయాలి? అందుకే మీటింగులు, కొటేషన్ల లెక్క రాస్తున్నాం.
- సేల్స్ హెడ్, హైదరాబాద్

జవాబు: ఈ ఇబ్బంది ఓకేఆర్ పుట్టినింట్లోనే ఉండేది. ఈ పద్ధతిని ఆండీ గ్రోవ్ తీర్చిదిద్దింది అమెరికాలోని ఇంటెల్ కంపెనీలో. అక్కడ తమ 8086 చిప్ మోటరోలా 68000 ముందు వెనకబడుతోందని గుర్తించి, 1980లో ఆపరేషన్ క్రష్ అనే అమ్మకాల ఉద్యమం నడిపారు. చిప్ అమ్మకాల డబ్బు రావాలంటే కొనే కంపెనీ ముందు తన యంత్రాన్ని డిజైన్ చేయాలి, తర్వాత తయారు చేయాలి. అంతకాలం ఆగితే పోటీలో ఉండరు. అలాగని తమ ఇంజనీర్లు ఎందరిని కలిశారన్న లెక్కతోనూ వాళ్ళు సరిపెట్టుకోలేదు. ఏడాదిలో 2000 డిజైన్ విన్లు కావాలన్నారు. అంటే అవతలి కంపెనీ తన కొత్త యంత్రంలో ఇంటెల్ చిప్పే వాడతామని నిర్ణయించుకోవడం. డబ్బు ఇంకా రాలేదు, కానీ నిర్ణయం కొనేవాడిది. ఆ టార్గెట్ దాటారు. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్లో ఉన్నది అదే కుటుంబానికి చెందిన 8088 చిప్.

మీ దారిలో కూడా కొనేవాడు దాటే మెట్లున్నాయి. మీ యంత్రం వాడుతున్న మరో ఆసుపత్రికి రేడియాలజిస్టు స్వయంగా వెళ్ళి చూసి రావడం, టెక్నికల్ కమిటీ మీ మోడల్‌కు రాతపూర్వకంగా ఆమోదం ఇవ్వడం, వచ్చే ఏడాది కొనుగోళ్ళ బడ్జెట్లో యంత్రానికి డబ్బు కేటాయించడం. వీటిలో గతంలో ఆర్డరుగా మారిన కేసుల్లో తప్పకుండా కనిపించే మెట్టు ఏదో పాత ఫైళ్ళు తిరగేసి పట్టుకోండి. దాన్నే కీలక ఫలితంగా రాయండి: "ఈ క్వార్టర్లో ఆరు ఆసుపత్రుల టెక్నికల్ కమిటీలు మన మోడల్‌ను రాతపూర్వకంగా ఆమోదించాలి."

కొటేషన్ల విషయంలో ఒక హెచ్చరిక. కొటేషన్ పంపడం మన పని. అవతలివాళ్ళు అడిగారు కాబట్టి అది ఫలితమే అనుకుంటారేమో, అదీ నమ్మదగ్గది కాదు. ఎవరి దగ్గర కొనాలో ముందే తేల్చుకుని, కంపారిటివ్ స్టేట్‌మెంటులో మూడు పేర్లు నింపడానికి అడిగే కొటేషన్లు మీకూ తెలుసు.

ప్రశ్న: విజిట్ల లెక్క ఓకేఆర్ నుంచి తీసేస్తే మావాళ్ళు ఫీల్డుకు వెళ్ళడం మానేస్తారని భయం. ఇన్సెంటివ్ దేనికి కట్టాలి?
- ఏరియా మేనేజర్, వరంగల్

జవాబు: లెక్క తీసేయమని ఎవరూ అనడం లేదు. దాని చోటు సోమవారం రివ్యూ. విజిట్లు తగ్గి ఫలితమూ తగ్గితే ముందు విజిట్లు పెంచండి. విజిట్లు బాగానే ఉండి ఫలితం కదలకపోతే ఎవరిని కలుస్తున్నారో, అక్కడ ఏం మాట్లాడుతున్నారో అడగండి. కొత్తగా చేరినవాళ్ళకు మాత్రం మొదటి రెండు మూడు నెలలు విజిట్ల టార్గెట్టే న్యాయం. వాళ్ళ దగ్గర ఫలితమిచ్చే లీడ్లు ఇంకా ఉండవు.

ఇన్సెంటివ్‌ను వసూలైన డబ్బుకు కట్టండి, ఓకేఆర్ స్కోరుకు కట్టొద్దు. కడితే వచ్చే క్వార్టరు నుంచి ప్రతివాడూ సులువుగా అందే అంకె రాస్తాడు. ఇలాంటి లక్ష్యాలు మన వేగం మనం చూసుకోవడానికే గానీ, పనితీరు మీద తీర్పు చెప్పే పత్రం కావని గ్రోవ్ కూడా 1983లో వచ్చిన తన పుస్తకంలో స్పష్టంగానే రాశాడు.