సంచిలో మూడు గంటలు: వంజరం, హిస్టమీన్

వేసవిలో ఒక ఉదయం ఏడు గంటలకు ఖతీఫ్ చేపల మార్కెట్టులో రెండు కిలోల వంజరం కొన్నారనుకుందాము. అక్కడ దానిని కనాద్ అంటారు. మామూలు సంచిలో వేసి కారు వెనుక పెట్టి, దమ్మాములో కూరగాయలు కొని, ఖోబర్‌లో బంధువులను పలకరించి, పది గంటలకు ఇల్లు చేరారు. చేప నిగనిగలాడుతూనే ఉన్నది, దుర్వాసన లేదు. వండవచ్చునా?

వంజరం, కానాగంతలు, టూనా వంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే ఎమైనో ఆమ్లం స్వేచ్ఛగా, సమృద్ధిగా ఉంటుంది. చేప మొప్పలలోను, ప్రేగులలోను ఉండే కొన్ని బాక్టీరియాలు తమ ఎంజైముతో దాని నుండి కార్బన్ డయాక్సైడును తొలగిస్తాయి. మిగిలేది హిస్టమీన్. కిలో మాంసంలో ఐదు గ్రాముల హిస్టిడిన్ ఉందనుకొంటే, అందులో ఇరవయ్యో వంతు మారినా దాదాపు 180 మిల్లీగ్రాముల హిస్టమీన్ తయారవుతుంది. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణంలోని భద్రతా పరిమితి కిలోకు 200 మిల్లీగ్రాములు.

హిస్టమీన్‌కు మనం పసిగట్టగల వాసన లేదు. కనుక ముక్కును నమ్మి ప్రయోజనం లేదు. వేపుడు చేసినా, చింతపండు పులుసులో మరిగించినా బాక్టీరియా చస్తుంది కాని హిస్టమీన్ చెక్కుచెదరదు. ఫ్రీజరులో పెట్టినా అంతే; అప్పటికే తయారైనది అలాగే నిలిచి ఉంటుంది.

ఇక కాలం లెక్క. ఎన్నడూ గడ్డకట్టించని ఇటువంటి చేప 21 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి గురయితే, చల్లదనం లేకుండా గడిచిన కాలమంతా కలిపి నాలుగు గంటలకు మించరాదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ కర్మాగారాలకు సూచిస్తుంది. సంచిలోనే మూడు గంటలు గడిచాయి. దానికి ముందు అంగడి బల్లమీద మంచు లేకుండా ఎంతసేపు ఉన్నదో కొన్నవారికి తెలియదు. అందుచేత నా సమాధానం: వండరాదు. డబ్బు పోయిందనుకోవడమే మేలు.

తిన్నవారికి కొద్ది నిమిషాల నుండి గంట, రెండు గంటలలోపు ముఖం ఎర్రబారి, తలనొప్పి, గుండెదడ, దురద కలుగుతాయి. తినేటప్పుడే నోటిలో మిరియపు ఘాటు తోచవచ్చు. దీనిని తరచు ఎలర్జీ అని పొరబడతారు. ఒకే పళ్ళెం నుండి తిన్న పలువురికి ఒకేసారి వస్తే, అందులోను ఇదివరకు అదే రకం చేప పడినవారికి వస్తే, హిస్టమీన్‌ను అనుమానించాలి. వైద్యులు సాధారణంగా యాంటీహిస్టమీన్ ఇస్తారు. ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

నివారణ మంచుగడ్డ. ముప్పై డిగ్రీల వేడి ఉన్న రెండు కిలోల చేపను సున్నాకు దింపడానికే సుమారు 650 గ్రాముల మంచు కరిగిపోతుంది. బయటి ఎండను కూడ కాయాలి గనుక చేపకు సమానమైన తూకంలో మంచు పోయడం క్షేమం. మార్కెట్టులోనే మొప్పలు, ప్రేగులు తీయించి, కడిగించి, మూత ఉన్న థర్మోకోలు పెట్టెలో చేప క్రింద, పైన మంచు పరచాలి. ఇంటికి చేరేసరికి మంచు ఇంకా కరగక మిగిలి ఉండాలి.

చందువ, హమూర్ చేపలలో హిస్టిడిన్ తక్కువ. వాటికి ఈ ప్రత్యేక ప్రమాదం అంతగా లేదు. ఎండలో మామూలుగా కుళ్ళడం మాత్రం వాటికీ తప్పదు.