రూపాయి బోర్డు: బాబాయి జిరాక్స్ షాపులో నేను నేర్చుకున్న లెక్క

మా కాలేజీ గేటు ఎదురు సందులో మా బాబాయికి జిరాక్స్ షాపు ఉంది. తొమ్మిదేళ్లుగా ఒకటే షాపు, ఒకటే రేటు: పేజీకి రూపాయిన్నర. ఈ సెమిస్టర్ మొదట్లో నాలుగు షాపుల అవతల కొత్త షాపు తెరిచారు. బయట పెద్ద అక్షరాలతో బోర్డు: "పేజీ ఒక్క రూపాయి".

ఆ సాయంత్రం బాబాయి నన్ను పిలిచి, "ఏరా, ఇంజినీరింగ్ చదువుతున్నావు కదా, ఏం చేయాలో చెప్పు" అన్నాడు. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "మనమూ రూపాయి పెట్టేద్దాం బాబాయ్. కస్టమర్ పోతే మళ్లీ రాడు" అన్నా. ఆ రాత్రే లాప్‌టాప్‌లో బోర్డు డిజైన్ చేసి ఇచ్చింది కూడా నేనే.

తొమ్మిది రోజులు అలా నడిపాం. రోజుకి 3,000 పేజీలు పోయే షాపులో 3,300 పోయాయి. నాకు తెగ సంతోషం. తొమ్మిదో రోజు రాత్రి బాబాయి గల్లాపెట్టె ముందు కూర్చుని, "పని పెరిగింది, డబ్బు కనబడట్లేదేంట్రా" అన్నాడు. అప్పుడు నోట్‌బుక్ తీసి, మొదటి రోజే వేయాల్సిన లెక్క వేశాం. అదే మీకు చెబుదామని ఈ వ్యాసం. మీలో ఎవరింట్లోనైనా షాపు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

ముందు ఒక పేజీకి అయ్యే ఖర్చు చూద్దాం. 500 కాగితాల రీమ్ 250 రూపాయలు, అంటే కాగితానికి 50 పైసలు. టోనర్‌కి సుమారు 20 పైసలు. డ్రమ్ అరుగుదల, పాడైన పేజీలు కలిపి ఇంకో 10. మొత్తం 80 పైసలు. ఇది పేజీ తీస్తేనే అయ్యే ఖర్చు, తీయకపోతే కాదు. రూపాయిన్నరకి అమ్మితే పేజీకి 70 పైసలు మిగులుతుంది. దీన్ని పేజీ మిగులు అందాం.

అద్దె, కుర్రాడి జీతం, కరెంటు కలిపి నెలకి 25,000. ఒక్క పేజీ తీయకపోయినా ఇది కట్టాల్సిందే. పాత రేటులో రోజుకి 3,000 పేజీలు, అంటే 2,100 రూపాయల మిగులు. నెలకి 26 రోజులకి 54,600. అందులో 25,000 తీసేస్తే ఇంటికి 29,600. బైండింగ్, లామినేషన్ ఈ లెక్కలో కలపలేదు.

ఇప్పుడు రూపాయి రేటు. ధర మూడో వంతు తగ్గింది, కానీ ఖర్చు ఆ 80 పైసలే. కాబట్టి మిగులు 70 నుంచి 20 పైసలకి పడిపోయింది. నేను తప్పు చేసింది ఇక్కడే. ధర ఎంత తగ్గిందో చూశాను గానీ, తగ్గిన ఆ యాభై పైసలూ పూర్తిగా మిగులులోంచే పోతాయని చూడలేదు. 3,300 పేజీలకి రోజుకి వచ్చింది 660 రూపాయలు. తొమ్మిది రోజుల్లో దాదాపు 13,000 నా బోర్డు మింగేసింది. నెలంతా అలాగే నడిపితే అద్దె, జీతాలు పోను 7,840 రూపాయలు చేతి నుంచి పెట్టుకోవాలి.

ఎవరైనా ధర తగ్గించినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఒకటి, మనమూ తగ్గిస్తే పాత మిగులు రావడానికి అమ్మకం ఎంత పెరగాలి? రెండు, తగ్గించకుండా కూర్చుంటే, తగ్గించి అందరినీ నిలబెట్టుకున్న దానికన్నా నష్టపోకుండా ఎంత అమ్మకం పోగొట్టుకోవచ్చు? కోడ్ రాసేవాళ్లం కాబట్టి కోడ్‌లోనే పెడుతున్నా. `m` అంటే ఇప్పటి మిగులు, `x` అంటే తగ్గించే ధర, రెండూ పైసల్లో.

```python
def peragali(m, x):
    return x / (m - x)

def povachu(m, x):
    return x / m

print(peragali(70, 50))
print(povachu(70, 50))
```

మొదటి జవాబు 2.5. అంటే అమ్మకం 250 శాతం పెరగాలి, 3,000 పేజీలు 10,500 కావాలి. బాబాయి అంచనాలో మా సందు మొత్తానికి రోజుకి 5,000 పేజీల పనే ఉంది. అంటే అందరూ మా దగ్గరికే వచ్చినా సరిపోదు.

రెండో జవాబు 0.71. ఇది చూసి నేను రెండుసార్లు రన్ చేశా. ధర కదపకుండా కూర్చుంటే, వంద పేజీల్లో 71 పేజీలు కొత్త షాపుకి పోయినా సరే, రూపాయికి దిగి అందరినీ నిలబెట్టుకున్నప్పుడు వచ్చే డబ్బే వస్తుంది. అంతకంటే తక్కువ పోతే ధర పట్టుకోవడమే మేలు. సగం మంది పోయినా నెలకి 2,300 చేతికి మిగులుతుంది. రూపాయి రేటులో అందరూ ఉన్నా 9,400 నష్టం.

అలాగని ఊరికే కూర్చోమని కాదు. సగం మంది పోతే బాబాయి ఇల్లు 2,300తో గడవదు కదా. అందుకే తర్వాతి ప్రశ్న, అసలు పోయేది ఎవరు? నాలుగు రోజులు కౌంటర్ దగ్గర కూర్చుని ప్రతి ఆర్డరూ రాశా. 3,000 పేజీల్లో దాదాపు 1,600 వంద పేజీలు దాటిన నోట్స్ ఆర్డర్లు. 800 పేజీలు హాల్ టికెట్, ఆధార్, అసైన్‌మెంట్ లాంటి చిన్న పనులు. మిగతా 600 ప్రాజెక్టు రిపోర్టులు, రికార్డులు.

అయిదు పేజీలు తీయించుకునేవాడికి రెండు షాపుల మధ్య తేడా రెండున్నర రూపాయలు. బెల్ కొట్టేలోపు పని అయితే చాలు అతనికి. ప్రాజెక్టు రిపోర్టు వాళ్లకి మార్జిన్లు సరిగా రావాలి, బైండింగ్ ఊడకూడదు. ధర చూసి నడిచిపోయేది 200 పేజీల నోట్స్ వాడే, వాడికి తేడా వంద రూపాయలు. మరి వాడి కోసం మిగతా ఇద్దరికీ ధర ఎందుకు తగ్గించాలి?

కాబట్టి నా రూపాయి బోర్డు పీకేసి రెండు రేట్లు పెట్టాం. నిలబడి తీయించుకుంటే పాత రూపాయిన్నరే. వంద పేజీలు దాటి, సాయంత్రం ఏడులోపు ఫైలో, పుస్తకమో ఇచ్చి మర్నాడు తీసుకుంటే, బ్యాక్ టు బ్యాక్, పేజీ రూపాయి.

ఆ "మర్నాడు" అన్నదే ఇందులో కీలకం. మా మెషిన్ తనంతట తాను రెండో వైపు తీయదు, కాగితాలు చేత్తో తిప్పి పెట్టాలి. పగలు రద్దీలో కుదరదు కాబట్టి అన్నీ ఒక వైపే తీసేవాళ్లు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా మెషిన్ ఖాళీయే. అప్పుడు తిప్పి తీస్తే ఒక కాగితం మీద రెండు పేజీలు పడతాయి. పేజీకి కాగితం ఖర్చు 25 పైసలకి దిగుతుంది, మొత్తం ఖర్చు 55 అవుతుంది. రూపాయికి అమ్మినా 45 పైసలు మిగులుతుంది. అంటే ధర ఒక్కటే కాదు, దాంతో పాటు ఖర్చూ దిగింది. పైగా తొందరలో ఉన్నవాడు మర్నాటి దాకా ఆగలేడు కాబట్టి రూపాయిన్నర ఇచ్చేవాడు చవక రేటులోకి జారిపోడు.

పెద్ద కంపెనీల కథలోనూ ఇదే ఉంది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా పొడి మొదలుపెట్టాడు. సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి, సర్ఫ్ ధరలో మూడో వంతు కూడా లేని ధరకి అమ్మాడు. హిందుస్తాన్ లీవర్ చాలా కాలం దాన్ని పట్టించుకోలేదు, మార్కెట్‌లో పెద్ద భాగం పోగొట్టుకుంది. తర్వాత మేలుకున్నప్పుడు కూడా సర్ఫ్‌ని నిర్మా ధరకి దించలేదు. లలితాజీ ప్రకటనతో సర్ఫ్ ఎక్కువ బట్టలు ఉతుకుతుందని చెప్పింది. 1980ల చివర్లో తక్కువ ఖర్చుతో తయారయ్యే వీల్ అనే వేరే పొడిని నిర్మాకి పోటీగా దించింది. మా రాత్రి ఆర్డరు బాబాయికి వీల్ లాంటిది, కౌంటర్ రేటు సర్ఫ్ లాంటిది.

ఇక మేం రెండు రేట్లు పెట్టిన వారానికి కొత్త షాపు 90 పైసలకి దిగింది. నాకు గుండె జారింది. బాబాయి మాత్రం ఈసారి నోట్‌బుక్ తీశాడు. అతనికీ కాగితం అదే ధర, షాపు అద్దెదే, అద్దె మా అంతే. ఒక వైపు తీసే పేజీకి అతనికి మిగిలేది పది పైసలు. నెలకి 25,000 రావాలంటే రోజుకి 9,600 పేజీలు తీయాలి. సందు మొత్తం కలిపినా 5,000. అంటే ఆ ధర ఎక్కువ కాలం నిలవదు. అదే అతనికి సొంత షాపు అయ్యుంటే, లేదా అతనూ అంతా బ్యాక్ టు బ్యాక్ తీస్తూ ఉంటే, ఈ లెక్క తప్పేది. ఖర్చు నిజంగానే తక్కువున్నవాడితో ఓపిక పందెం కాయకూడదు. అప్పుడు ఆ నోట్స్ పని వదిలేసి, మిగతా పనికి తగ్గట్టు మన అద్దె, జీతాలు కుదించుకోవాలి.

పక్క షాపాయన ఒక సలహా ఇచ్చాడు: "మీరిద్దరూ కూర్చుని ఒక రేటు మాట్లాడుకోండి, గొడవ ఉండదు." వినడానికి బానే ఉంది గానీ, పోటీదారులు కలిసి ధర నిర్ణయించుకోవడాన్ని 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఒప్పుకోదు. బాబాయి ఆ దారి తొక్కలేదు.

చివరికి ఏమైందంటే, నోట్స్ పని 1,600 నుంచి 1,200కి తగ్గింది. చిన్న పనులు 720 దగ్గర, ప్రాజెక్టులు 550 దగ్గర నిలబడ్డాయి. రోజుకి మిగులు 1,429 రూపాయలు, నెలకి ఖర్చులు పోను 12,150 చిల్లర. పాత 29,600తో పోలిస్తే సగం కూడా కాదు. కొత్త షాపు వచ్చాక పాత రోజులు అలాగే ఉంటాయనుకోవడం అత్యాశే. కానీ నా బోర్డుతో పోల్చి చూస్తే నెలకి దాదాపు 20,000 తేడా.

సెమిస్టర్ పరీక్షలు అయ్యేసరికి కొత్త షాపు బోర్డు మీద 90 పైసలు కొట్టేసి రూపాయి పావలా రాశారు. బాబాయి అది చూసి ఏమీ అనలేదు. నేను డిజైన్ చేసిన రూపాయి బోర్డు ఇప్పుడు షాపు వెనక రీమ్‌ల కింద చెమ్మ తగలకుండా పరిచి ఉంది. "దానికి పెట్టిన డబ్బులు ఇలాగైనా రానీ" అంటాడు.