విదేశీ షేర్లు: రిటర్నులో ఏ ఏడాది చూపాలి?

హైదరాబాద్‌లోని ఒక ఉద్యోగికి అమెరికాలోని మాతృసంస్థ స్టాక్ యూనిట్లు ఇచ్చింది అనుకుందాం. 2024 ఆగస్టులో 40 షేర్లు, 2025 ఫిబ్రవరిలో మరో 40 షేర్లు ఆమె ఖాతాలో జమయ్యాయి. 2025-26 మదింపు సంవత్సరపు రిటర్నులో ఎన్ని చూపాలి?

జమైన రోజు మార్కెట్ విలువ జీతంలో భాగం. ఆర్థిక సంవత్సరం మార్చి 31 దాకా ఉంటుంది కాబట్టి 80 షేర్ల విలువా జీతంలో కలుస్తుంది. విదేశీ ఆస్తుల పట్టిక, అంటే షెడ్యూల్ ఎఫ్‌ఏ, మాత్రం క్యాలెండర్ సంవత్సరాన్ని అనుసరిస్తుంది. అందులో 2024 డిసెంబరు 31 లోపు ఉన్న 40 షేర్లే వస్తాయి. ఫిబ్రవరివి మరుసటి ఏడాది పట్టికలోకి వెళ్తాయి. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే.

ఆగస్టు షేర్లను నవంబరులో అమ్మేసినా చూపాల్సిందే. ముగింపు విలువ సున్నా అవుతుంది, గరిష్ఠ విలువ, అమ్మకపు సొమ్ము మిగులుతాయి. విదేశీ బ్యాంకు ఖాతాకూ ఇదే పద్ధతి. ఇంకా చేతికి రాని యూనిట్లు షేర్లు కావు.

ఈ బాధ్యత సాధారణ నివాసికే. ప్రవాస భారతీయులకు లేదు. ఐటీఆర్-1 ఫారం ఇక్కడ పనికిరాదు.

దాచితే 2015 నాటి నల్లధన చట్టం 43వ సెక్షన్ కింద రూ.10 లక్షల జరిమానా పడవచ్చు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ రూ.20 లక్షలు మించకపోతే 2024 అక్టోబరు 1 నుంచి ఆ జరిమానా వర్తించదు. అయినా పట్టిక నింపడం తప్పదు.