ఓపీ నెల లెక్క: ఎన్ని చీటీలు, ఎందరు మనుషులు, ఎందరు తిరిగి వచ్చారు

ఉచిత డిస్పెన్సరీకి విరాళమిచ్చే వారికి నెలనెలా అందే లెక్కలో సాధారణంగా ఒకే అంకె కనిపిస్తుంది: ఈ నెల ఓపీ ఇంత. అది పెరిగితే సంతోషిస్తాం, తగ్గితే ‘ఏమైంది?’ అని అడుగుతాం. కానీ ఆ ఒక్క అంకెతో డిస్పెన్సరీ బాగా నడుస్తోందో లేదో తేల్చలేం. ఒక చిన్న లెక్క చూడండి. బీపీ అదుపులో ఉన్న వంద మందికి పదిహేను రోజుల మాత్రలిస్తే నెలకు సుమారు రెండు వందల చీటీలు తెగుతాయి. డాక్టరు గారు అదే వంద మందికి నెల మాత్రలు ఒకేసారి ఇస్తే చీటీలు వందకు పడిపోతాయి. రోగులకు బస్సు ఖర్చు, కూలి పోవడం రెండూ తగ్గాయి. అందిన మందు మాత్రం అంతే. అయినా కాగితం మీద ఓపీ సగమైంది!

అందుకే నెల లెక్క మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పాలి. ఎన్నిసార్లు వచ్చారు? ఏ జబ్బులతో వచ్చారు? రమ్మన్న వారు తిరిగి వచ్చారా? ఎక్సెల్‌లోని పివట్ టేబుల్‌తో ఈ మూడింటినీ ఒకే పేజీలో చూపవచ్చు. ఇక్కడ వాడిన రోగుల అంకెలు విషయం అర్థం కావడానికి అనుకున్నవే, ఏ డిస్పెన్సరీవీ కావు.

ముందు రిజిస్టరు సరిగా ఉండాలి. ఒక రాక అంటే ఒక వరుస. నెలకో షీటు పెట్టకుండా ఏడాదంతా ఒకే జాబితాగా రాయాలి. అందులో తేదీ (Date), రోగి శాశ్వత నంబరు (ID), జబ్బు (Dx), జబ్బు వర్గం (Grp), మళ్లీ రావలసిన తేదీ (Due) ఉంటే చాలు. జాబితాలో ఎక్కడైనా ఉండి Ctrl+T నొక్కితే అది టేబుల్ అవుతుంది, కొత్త వరుసలు దానంతట అదే కలుపుకుంటుంది. జబ్బు పేరు చేత్తో టైపు చేయనివ్వకూడదు. ఒకరు ‘బీపీ’ అని, మరొకరు ‘బి.పి.’ అని, ఇంకొకరు ‘రక్తపోటు’ అని రాస్తే పివట్ వాటిని మూడు జబ్బులుగా చూపిస్తుంది. అప్పుడు అసలు మొదటి స్థానంలో ఉండాల్సిన జబ్బు ముక్కలై కిందికి జారిపోతుంది. Data Validation తో జాబితా పెట్టి అందులోంచే ఎంచుకునేలా చేస్తే ఈ బాధ ఉండదు. నెలల వారీగా చూడటానికి తేదీ నుంచి 2025-07 లాంటి నెల పేరు తీసే ఒక గడి కలుపుకోవాలి:

```
=TEXT([@Date],"yyyy-mm")
```

ఈ గడిలో నెల బదులు తేదీ మొత్తం అలాగే కనిపిస్తే, ఆ వరుసలో తేదీ తేదీగా కాక మాటగా టైపు అయిందని అర్థం.

ఇక మొదటి రెండు ప్రశ్నలు. Insert లో PivotTable ఎంచుకునేటప్పుడు Add this data to the Data Model అనే చోట టిక్ పెట్టాలి. అది లేకపోతే మనుషులను లెక్కించే వీలు ఉండదు. జబ్బును Rows లో, రోగి నంబరును Values లో రెండుసార్లు వేసి, ఒకదాన్ని Count గా, రెండోదాన్ని Distinct Count గా మార్చాలి. మొదటిది రాకల లెక్క, రెండోది మనుషుల లెక్క. జులైలో 620 రాకలు ఉన్నాయనుకుందాం. పుండ్లకు కట్టు కట్టించుకోవడానికి 96 సార్లు వచ్చారు, షుగర్‌కు 78 సార్లు. రాకలు చూస్తే కట్టుదే పైచేయి. పక్క గడి చూస్తే కట్టుకు వచ్చింది 14 మందే, షుగర్‌కు 66 మంది. దూది, గాజుగుడ్డ ఎంత కొనాలో మొదటి గడి చెబుతుంది. మన బస్తీలో ఏ జబ్బు ఎందరికి ఉందో రెండోది చెబుతుంది. రెండూ పక్కపక్కనే ఉంటేనే ఏది ఎందుకో తెలుస్తుంది.

గత ఏడాది అదే నెలతో పోల్చేటప్పుడు మనవంటి డిస్పెన్సరీలు ఒకటి గుర్తుంచుకోవాలి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో మన దేశంలో ఉపవాసాలు మార్చి 24న మొదలయ్యాయి, 2025లో మార్చి 2న. అంటే 2023 మార్చిలో చివరి వారం మాత్రమే రంజాన్, 2025లో దాదాపు మార్చి అంతా. ఆ నెలలో రోగులు వచ్చే వేళలు, రోజులు మారతాయి కాబట్టి ఈ రెండు మార్చి నెలలను పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనడం సరికాదు. రిజిస్టరులో ‘రంజాన్’ అని ఒక గడి కలిపితే ఆ రోజులను విడిగా పోల్చవచ్చు.

మూడో ప్రశ్నే అసలైనది, ఎక్కువగా తప్పు లెక్క జరిగేదీ అక్కడే. చాలాచోట్ల ‘పాత’ చీటీలను మొత్తం చీటీలతో భాగించి తిరిగి వచ్చిన వారి శాతం అంటారు. మన 620లో 434 పాతవైతే 70 శాతం వస్తుంది, వినడానికి బాగుంటుంది. కానీ అందులో కట్టు కోసం వారానికి రెండుసార్లు వచ్చినవారే చాలాసార్లు లెక్కకొచ్చారు. రాని మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేడు, ఎందుకంటే రానివారికి చీటీ తెగదు. కాబట్టి రావలసిన తేదీ నుంచి లెక్క మొదలుపెట్టాలి. జులైలో రావలసి ఉన్న తేదీలు ఎన్ని, వాటిలో గడువు దాటి వారం లోపు వచ్చినవి ఎన్ని? టేబుల్‌లో Came అనే గడి పెట్టి ఈ సూత్రం రాయాలి:

```
=IF(OR([@Due]="",[@Due]+7>=TODAY()),"",
 IF(COUNTIFS([ID],[@ID],[Grp],[@Grp],
 [Date],">"&[@Date],[Date],"<="&[@Due]+7)>0,1,0))
```

వస్తే 1, రాకపోతే 0. వారం గడువు ఇంకా ముగియకపోతే ఖాళీ. ఆ ఖాళీ లేకపోతే రేపు రాబోయేవారిని కూడా ఈరోజే రానివారిగా రాసేస్తాం. జులై లెక్క ఆగస్టు 8కి ముందు తీయకూడదన్నమాట. జబ్బుకు బదులు వర్గం వాడటానికీ కారణముంది. బీపీ, షుగర్ రెండూ ఉన్న మనిషికి ఒకసారి బీపీ అని, ఇంకోసారి షుగర్ అని రాస్తారు. రెండింటినీ ‘దీర్ఘకాలికం’ అనే ఒకే వర్గంలో పెడితే అతను వచ్చినట్టే లెక్క. అదే మనిషి మధ్యలో జలుబుకు వస్తే మాత్రం లెక్కలోకి రాడు.

దీనికి మరో పివట్ చేయాలి, ఈసారి Data Model టిక్ లేకుండా. ఆ టిక్ ఉంటే ఖాళీలూ అంకెలూ కలిసిన గడిని ఎక్సెల్ మాటలుగా తీసుకుని, సగటు తీయనంటుంది. Due నుంచి పైన చెప్పినట్టే నెల తీసి (Due ఖాళీ అయితే దాన్నీ ఖాళీగా వదిలి) Rows లో వేసి, Came ను Values లో Average గా పెడితే అదే మన శాతం.

అనుకున్న అంకెల్లో బీపీ, షుగర్‌లకు జులైలో రావలసిన తేదీలు 120, వచ్చినవి 66. అంటే 55 శాతం. పైన కనిపించిన 70 ఇక్కడ లేదు. దీన్ని ఇచ్చిన మాత్రల రోజుల ప్రకారం విడదీస్తే, పదిహేను రోజులకు రమ్మన్న 40లో 30 వచ్చాయి, నెలకు రమ్మన్న 80లో 36 మాత్రమే. నెల మాత్రలు మానేయాలనే తొందర వద్దు. రానివారు మందు మానేశారో, బయట కొనుక్కుంటున్నారో, ఊరు వెళ్లారో టేబుల్‌కు తెలియదు. Came లో 0 ఉన్న ఆ 44 వరుసలను వడపోసి ఫోన్ చేయించాలి. నెల మాత్రలు కొనసాగిస్తూ, గడువుకు రెండు రోజుల ముందు ఒక్క ఫోన్ చేస్తే సరిపోవచ్చు. ఫోన్ చేసే మనిషి జీతానికి సొసైటీ దాతలను అడిగే రోజు వస్తే, ఈ గడే దానికి ఆధారం. తర్వాతి నెలల్లో 36 ఎంతైందో చూసి ఆ ఖర్చు పనిచేసిందో లేదో అడిగే హక్కు మీది. అయితే 40 తేదీల్లో ఒక్కటి అటూఇటూ అయినా రెండున్నర శాతం మారుతుంది కాబట్టి ఒక నెల చూసి తీర్పు చెప్పకండి, మూడు నెలలు చూడండి.

పివట్ తనంతట తాను మారుతుందని అనుకోవద్దు. కొత్త వరుసలు చేర్చాక Data లో Refresh All నొక్కకపోతే పాత నెల అంకెలే కొత్త తేదీతో అచ్చు కావచ్చు. పేజీలోని మొత్తం రాకలను రిజిస్టరు వరుసలతో సరిచూస్తే ఇది వెంటనే దొరుకుతుంది.

ఈ ఎక్సెల్ ఫైలును దాతలకు అలాగే పంపకూడదు. పివట్‌లోని ఏ అంకె మీదైనా రెండుసార్లు క్లిక్ చేస్తే దాని వెనుక ఉన్న వరుసలన్నీ కొత్త షీటులో తెరుచుకుంటాయి, ఎవరికి ఏ జబ్బో సహా. పేజీని పీడీఎఫ్‌గా మార్చే పంపాలి. ఒకరిద్దరికి మాత్రమే ఉన్న జబ్బులను అందులో పేరు పెట్టి చూపకుండా ‘ఇతరములు’లో కలపాలి. చిన్న బస్తీలో టీబీ ఒకరికి అని రాస్తే ఆ ఒక్కరెవరో పోల్చుకోవడానికి ఎంతోసేపు పట్టదు.