సెలవు పొడిగించమని అడిగే ఉత్తరం

ఇచ్చిన సెలవును పొడిగించమని అడగడం వేరు, కొత్తగా సెలవు అడగడం వేరు. మనం ఫలానా రోజు వస్తామని నమ్మి మేడమ్ ఆ రోజుకి సెమినారో, పరీక్షో పెట్టి ఉంటారు. అందుకని ఈ ఉత్తరం పాత సెలవును గుర్తుచేస్తూ మొదలవ్వాలి.

ఒక అమ్మాయి అక్క పెళ్ళికని ఫిబ్రవరి 10, 11, 12 తేదీల్లో, అంటే సోమ, మంగళ, బుధవారాలు సెలవు తీసుకొని చిత్తూరు వెళ్ళిందనుకుందాం. బుధవారం పొద్దున అమ్మమ్మ జారిపడింది. ఆ సాయంత్రమే ఆమె ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన శాఖాధ్యక్షురాలు గారికి నమస్కారం. మా అక్క పెళ్ళి కోసం ఫిబ్రవరి 10 నుంచి 12 వరకు మీరు నాకు సెలవు ఇచ్చారు. ఈ రోజు ఉదయం మా అమ్మమ్మ జారిపడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు, శనివారం మళ్ళీ చూపించాలి. మా అమ్మ అక్కను అత్తగారింట్లో దిగబెట్టడానికి వెళ్ళి ఆదివారం వస్తుంది. అంతవరకు అమ్మమ్మ దగ్గర నేనే ఉండాలి. కాబట్టి 13, 14, 15 తేదీలకు కూడా సెలవు పొడిగించవలసిందిగా కోరుతున్నాను. 17వ తేదీ సోమవారం ఉదయం క్లాసుకి వస్తాను. 14న ఇవ్వవలసిన సెమినార్‌ను మీరు చెప్పిన రోజున ఇస్తాను. ఇట్లు, మీ విధేయురాలు."

చాలామంది ఇక్కడ "అనివార్య కారణాల వల్ల" అని రాసేస్తారు. అది చదివితే ఏం జరిగిందో తెలీదు, ఎన్ని రోజులు కావాలో అసలే తెలీదు. అమ్మమ్మకి బాగాలేదన్నా చాలదు, ఇంట్లో ఇంకెవరూ లేరా అని అడుగుతారు. అమ్మ ఆదివారం వస్తుందన్న మాట ఆ ప్రశ్నకీ జవాబు చెబుతుంది, సోమవారం ఎందుకన్నదీ చెబుతుంది.

తేదీ దగ్గర "వరకు" అనే మాటతో జాగ్రత్త. "17 వరకు సెలవు" అంటే 17న వస్తుందా, 18నా? మా ఇంట్లో తమిళంలో "వరై" అన్నా ఇదే గొడవ. అందుకే సెలవు రోజులు విడిగా, వచ్చే రోజు విడిగా, వారంతో సహా రాయాలి. వారం రాస్తే తేదీ తప్పుపడినా పట్టుబడుతుంది.

"పొడిగించండి" అంటే ఆజ్ఞలా వినిపిస్తుంది. "పొడిగిస్తారని నమ్ముతున్నాను" అంటే ముందే తేల్చేసినట్టు ఉంటుంది. "పొడిగించవలసిందిగా కోరుతున్నాను" అంటే కాదనే వీలు మేడమ్‌కి మిగులుతుంది, నాకైతే అదే మర్యాదగా తోస్తుంది. ఒక్క "దయచేసి" చాలు, వాక్యానికొకటి వద్దు.

ఉత్తరం 12 సాయంత్రానికే చేరాలి. 13న చేరితే అప్పటికే రిజిస్టర్లో గైర్హాజరు పడి ఉంటుంది. ఊళ్ళో ఉన్నప్పుడు ఫోన్లో ఫోటో పంపి, డాక్టర్ చీటీతో అసలు కాగితాన్ని 17న ఇవ్వొచ్చు.